ఏడున్నర నిమిషాల యానిమేషన్ చిత్రానికి లాగ్‌లైన్, సినాప్సిస్: చిత్రాలను ఎంపిక చేసే ఫెస్టివల్ ప్రోగ్రామర్‌కు ఆసక్తి ఎక్కడ పుడుతుంది?

బొగ్గుగీత

చెన్నైలో ఉంటూ ఒంటరిగా తీసిన యానిమేషన్ చిత్రం పూర్తయింది. నిడివి 7 నిమిషాల 40 సెకన్లు, పేరు ‘పదమూడో బిందె’. ఈ నెలాఖరులోగా ఫెస్టివల్స్‌కు పంపాలి. చిత్రం చూసినవాళ్లు దాని గురించి చాలాసేపు మాట్లాడుతున్నారు. సినాప్సిస్ మాత్రమే చదివినవాళ్లు మాత్రం ‘మంచి సందేశం’ అని ఊరుకుంటున్నారు, ఒక్క ప్రశ్న కూడా వేయడం లేదు. నన్ను బాధిస్తున్నది అదే. ఫారంలో ఇంగ్లీషులో పెట్టాలన్నది తెలుసు. ముందు తెలుగులో తేల్చుకుని, తరువాత మార్చుకుంటాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి ఇవి.

లాగ్‌లైన్: నీటి కొరత నేపథ్యంలో మానవ సంబంధాల విలువను చాటిచెప్పే హృద్యమైన కథ.

సినాప్సిస్: 2019 వేసవిలో చెన్నై మహానగరానికి నీరందించే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు ఎండిపోయాయి. ఒక వీధిలో ప్రజలు నీటి కోసం నానా అవస్థలూ పడుతుంటారు. అక్కడికి కొత్తగా వచ్చిన మల్లి అనే పాప, ఒక ముసలమ్మ లేని లోటును తెలుసుకుని, మానవత్వం ఇంకా బతికే ఉందని గ్రహిస్తుంది. ఆశ, ఎడబాటు, ఇరుగుపొరుగు బంధాలపై 5,500 బొగ్గు చిత్రాలతో సాగిన కవితాత్మక అన్వేషణ ఇది.

వేళచ్చేరి_వాసు

లాగ్‌లైన్‌కు ఒక కొలత ఉంది. కథానాయిక ఎవరు, ఆమెకు ఏం కావాలి, అడ్డుపడేది ఏమిటి, ఓడిపోతే ఏం పోతుంది అన్న నాలుగూ ఒకే వాక్యంలో ఉండాలి. మీ దానిలో ఒక్కటీ లేదు. నేనైతే ఇలా రాస్తాను: ‘నీళ్లు లేక అల్లాడుతున్న నగరంలో, తన కుటుంబానికి దక్కాల్సిన నీళ్లు సాధించాలంటే పదేళ్ల మల్లి వీధి దాచిన ఒక రహస్యాన్ని ఛేదించక తప్పదు.’

రమణి_బసవనగుడి

బెంగళూరులో లఘుచిత్రాల తొలి వడపోతలో చాలాకాలంగా కూర్చుంటున్నాను కాబట్టి, అవతలి వైపు నుంచి ఇది ఎలా కనిపిస్తుందో చెబుతాను.

ఏడున్నర నిమిషాల చిత్రాన్ని సినాప్సిస్ బాగాలేదని చూడకుండా వదిలేయడం జరగదు. చూడడం మా పని. అయితే తెర మీద మాకు ఒక పొడవాటి జాబితా ఉంటుంది. చిత్రం పేరు, దేశం, నిడివి, ఒక స్టిల్, వీటి పక్కన మీరు రాసిన మొదటి రెండు వాక్యాలు. ఆ పూట అంతకుముందే చాలా చిత్రాలు చూసి ఉంటాము. మీ వాక్యం చదివి ప్లే నొక్కేటప్పుడు నా మనసులో ఒక ప్రశ్న ఉంటే, నేను వెతుకుతూ చూస్తాను. ప్రశ్న లేకపోతే ఊరికే చూస్తాను. ఆ రెండు చూపులకూ చాలా తేడా ఉంది, ముఖ్యంగా మొదటి నిమిషంలో.

రెండో సంగతి ఎవరూ పట్టించుకోరు. చూసిన చాలా రోజుల తరువాత ఎంపిక సమావేశంలో ఆ జాబితానే మళ్లీ ముందు పెట్టుకుని మాట్లాడుకుంటాము. అప్పుడు మీ రెండు వాక్యాలు చదవగానే చిత్రం కళ్ల ముందుకు రావాలి. ‘మానవ సంబంధాల విలువ’ అని ఉంటే, ఏది అది అని ఒకరినొకరు అడుగుతాము, ఎందుకంటే ఆ జాబితాలో అలాంటివి ఇంకా చాలా ఉంటాయి. మూడోది, ఎంపికయ్యాక కేటలాగులో చోటు సరిపోకపోతే మీ పేరాను కింది నుంచి కత్తిరిస్తారు. కాబట్టి మొదటి వాక్యం ఒంటరిగా నిలబడగలగాలి. మీ మొదటి వాక్యంలో నాలుగు జలాశయాలు ఉన్నాయి, చిత్రం లేదు.

బొగ్గుగీత గారూ, సినాప్సిస్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. చిత్రం మొదలైనప్పుడు తెర మీద నాకు ఏం కనిపిస్తుంది? అర్థం చెప్పకుండా, కనిపించేది మాత్రమే చెప్పండి.

బొగ్గుగీత

తెల్లవారుజాము. సన్నటి వీధిలో గోడ పక్కన ప్లాస్టిక్ బిందెలు వరుసగా ఉంటాయి. మనుషులెవరూ ఉండరు. బిందెలకు మాత్రమే రంగులు ఉంటాయి, తక్కినదంతా బొగ్గు. కొత్తగా అద్దెకు వచ్చిన మల్లి తన బిందెను తెచ్చి చివర పెడుతుంది. దానికి ముందున్నది ఆకుపచ్చ బిందె, మూతి దగ్గర సొట్ట. లారీ వస్తుంది. మనుషులు దిగి తమ బిందెలను జరుపుకుంటూ నింపుకుంటారు. ఆకుపచ్చ బిందె కూడా వరుసతో పాటే ముందుకు జరుగుతుంది. ఎవరు జరుపుతున్నారో కనిపించదు. దాని వంతు వస్తే మాత్రం ఎవరూ దానిని పట్టుకోరు. మరునాడు తెల్లారేసరికి అది మళ్లీ పదమూడో స్థానంలోనే ఉంటుంది. ఇది ఎవరిదని మల్లి అడుగుతుంది. చెప్పరు. చిత్రం సగం దాటాక ఒక రాత్రి ఆమె అరుగు మీద మేలుకుని కాపలా కూర్చుంటుంది. ఒక్కో రాత్రి ఒక్కో ఇంటివాళ్లు వచ్చి ఆ బిందెను దాని చోట పెట్టి వెళ్తున్నారని అప్పుడు తెలుస్తుంది. దాని యజమానురాలు చనిపోయింది. ఆమె వంతును తీసేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. చివరకు మల్లి ఆ బిందెను లారీ కుళాయి కింద పెడుతుంది.

ఎడిటర్_భాను

మీ లాగ్‌లైన్ ఈ జవాబులోనే ఉంది. ‘ఎవరు జరుపుతున్నారో కనిపించదు’ అన్న దగ్గర నేను చదవడం ఆపి మళ్లీ వెనక్కి వెళ్లాను. ముందు పెట్టిన సినాప్సిస్‌లో ఆ బిందె ఊసే లేదు, చిత్రం పేరే దాని మీద ఉన్నా.

కథల_కామేశం

ఒక ముఖ్యమైన మాట. సినాప్సిస్ అంటే ముగింపుతో సహా పూర్తి కథ. ముగింపు దాచిన సినాప్సిస్‌ను నిర్మాతలు తిప్పి పంపేస్తారు, రచయితకు కథ ముగించడం రాదని అనుకుంటారు. కాబట్టి బొగ్గుగీత గారు ముసలమ్మ మరణాన్నీ, మల్లి నీళ్లు పట్టడాన్నీ తప్పకుండా రాయాలి. ‘తెర మీద చూడండి’ అనడం వృత్తిలో ఉన్నవారు చేసే పని కాదు.

రమణి_బసవనగుడి

కామేశం గారు చెప్పింది వేరే కాగితానికి నిజం. ఇంకా తీయని చిత్రానికి డబ్బో, గ్రాంటో, సహనిర్మాతో కావాలని అడుగుతున్నప్పుడు ముగింపు రాయకపోతే నేనూ తిప్పి పంపుతాను, ఎందుకంటే అక్కడ చిత్రం లేదు, నమ్మడానికి ఆ కాగితం ఒక్కటే ఉంది. ఫెస్టివల్‌కు పంపేటప్పుడు చిత్రం లింకు పక్కనే ఉంటుంది. ముగింపు కావాలంటే ఏడున్నర నిమిషాల్లో చూసేస్తాను. పైగా ఎంపికైతే అదే పేరా కేటలాగులోకీ, వెబ్‌సైట్‌లోకీ వెళ్తుంది. టికెట్ కొన్న ప్రేక్షకుడికి బిందె ఎవరిదో ముందే చెప్పినట్లవుతుంది. చిత్రం పూర్తయ్యాక రాసే సినాప్సిస్ ప్రశ్న దగ్గర ఆగాలి.

కథల_కామేశం

కేటలాగులోకి అదే వెళ్తుందన్న విషయం నా దృష్టిలో లేదు, ఒప్పుకుంటాను. అయినా ప్రశ్న దగ్గర ఆగడం అన్నది చాలామంది చేతిలో ‘ఆమె గెలిచిందా?’ వంటి వాక్యంగా మారిపోతుంది. అది చదివితే నాకు ఆసక్తి చచ్చిపోతుంది.

రమణి_బసవనగుడి

ఆ ప్రశ్నార్థక వాక్యాన్ని నేనూ భరించలేను. ప్రశ్నను రచయిత అడగకూడదు, చదివేవాడి నోట రావాలి. ‘బిందె రోజూ ముందుకు జరుగుతుంది, దానిని నింపుకోవడానికి ఎవరూ రారు’ అని చుక్క పెట్టేస్తే ఎవరిదని నేనే అడుగుతాను. ‘ఆ బిందె ఎవరిది? ఆ రహస్యం ఏమిటి?’ అని మీరే అడిగేస్తే నాకు అడగడానికి ఏమీ మిగలదు.

పప్పెట్_పద్మ

నేను పిల్లల సీరియల్ ఒకటి ఛానల్ వారికి ప్రతిపాదించినప్పుడు లాగ్‌లైన్‌తో పాటు ఏ వయసు పిల్లలకు, ఎన్ని ఎపిసోడ్లు, పాత్రలను బొమ్మలుగా అమ్మవచ్చా అని అడిగారు. మల్లి పాత్ర బాగుంది కాబట్టి మీరూ ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు అని స్పష్టంగా రాయండి. తరువాతి కథలలో మల్లి ఇంకే వీధికి వెళ్తుందో ఒక వాక్యం చేర్చండి.

గీత_ఫ్రేమ్స్

పద్మ గారూ, అది ఛానల్‌కు సీరియల్ అమ్మడానికి రాసే కాగితం. ఇక్కడ తరువాతి కథ లేదు. అయితే మీరు వయసు సంగతి ఎత్తడం మంచిదైంది. పాప పేరు, బిందె, రాత్రి కాపలా అని చదివితే పిల్లల విభాగానికి తీసిన చిత్రమేమో అనిపించే ప్రమాదం నిజంగానే ఉంది. బొగ్గుగీత గారు పెద్దల కోసమే తీశారా?

బొగ్గుగీత

పిల్లలు చూడకూడనిది ఏమీ లేదు. కానీ నేను పెద్దల కోసమే తీశాను. మాటలు దాదాపు లేవు, సంగీతం లేదు. లారీ శబ్దం, నీళ్ల శబ్దం, రబ్బరు కాగితాన్ని రుద్దే శబ్దం మాత్రమే ఉంటాయి.

రమణి_బసవనగుడి

అలాగైతే వాసు గారి లాగ్‌లైన్ ఎందుకు పనికిరాదో ఇక్కడే చెప్పాలి. ‘కుటుంబానికి దక్కాల్సిన నీళ్లు సాధించాలంటే’, ‘రహస్యాన్ని ఛేదించక తప్పదు’ అని చదివి ప్లే నొక్కితే, నేను పరుగులూ అడ్డంకులూ ఉన్న కథ కోసం ఎదురుచూస్తాను. మూడో నిమిషానికి ఇంకా బిందెలే ఉంటాయి. చిత్రం తప్పేమీ లేకపోయినా నిదానంగా ఉందని రాసుకుంటాను. చిత్రం ఇవ్వని దానిని లాగ్‌లైన్ మాట ఇస్తే ఆ అప్పును చిత్రమే తీర్చాలి. ఇది నేను చాలా తరచుగా చూసే లోపం. చిత్రం ఎంత నెమ్మదిగా నడుస్తుందో వాక్యం కూడా అంతే నెమ్మదిగా నడవాలి.

వేళచ్చేరి_వాసు

మల్లికి ఏదో ఒకటి కావాలి కదా? ఏమీ అక్కరలేని పాత్రను ఎవరు చూస్తారు?

ఎడిటర్_భాను

కావాలి. బిందె ఎవరిదో తెలుసుకోవాలి. మీ కొలత మొత్తం తప్పు కాదు వాసు గారూ. పూర్తి నిడివి చిత్రంలో కోరిక పెద్దదిగా ఉండాలి, రెండు గంటలు లాగాలి కాబట్టి. ఏడు నిమిషాలకు ఒక చిన్న, వింతైన కోరిక చాలు. ఓడిపోతే ఏం పోతుంది అన్నది లాగ్‌లైన్‌లో లేకపోయినా నష్టం లేదు.

బొగ్గుగీత

ఇప్పటివరకూ వచ్చిన సూచనలతో మళ్లీ రాశాను.

లాగ్‌లైన్: నీళ్ల లారీ కోసం నిలబెట్టిన బిందెల వరుసలో, యజమాని లేని ఒక ఆకుపచ్చ బిందె రోజూ ముందుకు జరుగుతుంటుంది, దాని వెనక నిలబడే కొత్త పిల్ల అది ఎవరిదని అడగడం మొదలుపెడుతుంది.

సినాప్సిస్: నీళ్ల లారీ వచ్చే వీధిలో మనుషులకు బదులు బిందెలు వరుసలో నిలబడి ఉంటాయి. కొత్తగా అద్దెకు వచ్చిన మల్లి తన బిందెను ఒక సొట్టమూతి ఆకుపచ్చ బిందె వెనక పెడుతుంది. లారీ వచ్చిన ప్రతిసారీ ఆ బిందె వరుసతో పాటు ముందుకు జరుగుతుంది గానీ, దానిని నింపుకోవడానికి ఎవరూ రారు. అది ఎవరిదని అడిగితే వీధిలో ఒక్కరూ జవాబు చెప్పరు. నీటి కొరత మనుషులను విడదీస్తుందనుకునే కాలంలో, కలిసి ఉండడం అంటే ఏమిటో మల్లి నేర్చుకుంటుంది.

గీత_ఫ్రేమ్స్

ఇప్పుడు కనిపిస్తోంది. చివరి వాక్యం తీసేయండి. మొదటి నాలుగు వాక్యాలలో మీరు వీధిలో ఉన్నారు, ఐదో వాక్యంలో సభా వేదిక ఎక్కారు.

ఎడిటర్_భాను

లాగ్‌లైన్‌లో ‘యజమాని లేని’ అన్న మాట కూడా తీసేయాలి. అది జవాబు. చిత్రంలో ఆ సంగతి రాత్రి కాపలా దాకా తెలియదు. ‘ఎవరూ ముట్టుకోని’ అనండి. మల్లి చూసేది అంతవరకే. చదివేవాడికి మల్లి కంటే ఎక్కువ తెలియకూడదు.

మైలాపూరు_శర్మ

అన్నీ చదివాను. ఒక విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. 2019 వేసవిని మీరు పూర్తిగా తుడిచేశారు. ఆ వేసవి నేను ఈ ఊళ్లోనే ఉన్నాను. నాలుగు జలాశయాలూ అడుగంటి, జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చారు. మా వీధిలోనూ బిందెలు రాత్రంతా బయట నిలబడేవి. ఇది ఊరికే ఒక బిందె కథ కాదు. ఫ్రాన్స్‌లో కూర్చుని చదివేవారికి వీధిలో బిందెలు ఎందుకున్నాయో ఎలా తెలుస్తుంది? నీళ్ల కష్టాన్ని అందమైన పొడుపుకథగా మార్చేస్తున్నామని నా బాధ.

బొగ్గుగీత

శర్మ గారూ, నాకూ ఆ భయమే ఉంది. అందుకే జలాశయాల పేర్లతో మొదలుపెట్టాను.

రమణి_బసవనగుడి

శర్మ గారి అభ్యంతరం న్యాయమైనది, దానికి జవాబు చోటును బట్టి ఉంటుంది. ఫ్రాన్స్‌లోని ఆనెసీలో 1960 నుంచి యానిమేషన్‌కే ప్రత్యేకంగా ఫెస్టివల్ జరుగుతోంది. అక్కడ జాబితా చదివేవారికి చెన్నై జలాశయాల పేర్లు నాలుగు చెప్పినా ఒకటి చెప్పినా తెలియనివే. తెలియని పేర్లు వరుసగా వస్తే కళ్లు వాటిని దాటేస్తాయి, వాటితో పాటు వాక్యాన్ని కూడా దాటేస్తాయి. అయితే ఏ ఊరో, ఏ కాలమో అసలు చెప్పకపోతే ఇది ఎక్కడిదైనా కావచ్చు అనిపిస్తుంది, అదీ నష్టమే. ‘చెన్నై, 2019 వేసవి.’ అని మొదట పెట్టండి. తెలిసినవారికి అది చాలు. తెలియనివారికి నీళ్ల లారీ అన్న మాట తరువాతి వాక్యంలోనే వస్తుంది కాబట్టి నీళ్లు కుళాయిలో రావడం లేదని వారే గ్రహిస్తారు. వ్యాగన్లు, జలాశయాలు, మీరు ఆ వేసవిని ఎలా గడిపారో అన్నీ డైరెక్టర్స్ స్టేట్‌మెంట్‌లోకి వెళ్లాలి. ఫారంలో దానికి వేరే గడి ఉంది. అది నేను చిత్రం చూసిన తరువాత చదువుతాను, అప్పుడు ఆ వివరాలకు బలం ఉంటుంది.

మైలాపూరు_శర్మ

ఊరూ ఏడాదీ పెడితే సగం సమాధానపడతాను. స్టేట్‌మెంట్‌ను ప్రేక్షకులు చదవరు, కేటలాగులో అది ఉండదు. ఆ సగం బాధ నాకు మిగిలే ఉంటుంది.

ఇసుకబొమ్మ_సుధ

మీ చర్చ చదువుతుంటే నా చిత్రం గురించి దిగులు పట్టుకుంది. మాది వెలుగు బల్ల మీద ఇసుకతో చేసిన మూడు నిమిషాల చిత్రం. పాత్రలు లేవు, కథ లేదు, ఒక ఆకారం ఇంకొకటిగా మారుతూ పోతుంది. దానికి ఏ ప్రశ్న దగ్గర ఆగాలి? ‘ఇసుకతో ఒక ప్రయోగాత్మక ప్రయాణం’ అని పెట్టి పంపేస్తున్నాను.

గీత_ఫ్రేమ్స్

సుధ గారి ప్రశ్నకు రమణి గారు జవాబిస్తారని ఆశిస్తాను. ఈలోగా బొగ్గుగీత గారిని ఒకటి అడగాలి. మొదటి సినాప్సిస్‌లో 5,500 బొగ్గు చిత్రాలు అన్నారు. విడివిడి కాగితాల మీద గీశారా, లేక కెమెరా కిందే చెరిపి గీశారా?

బొగ్గుగీత

కెమెరా కిందే. సెకనుకు 12 ఫ్రేముల లెక్క, కాబట్టి ఫ్రేములు సుమారు 5,500. కాగితం మాత్రం ఒక్కో షాట్‌కు ఒక్కటే. గీసి, ఫోటో తీసి, మెత్తటి రబ్బరుతో ఆ భాగం చెరిపి, కొంచెం పక్కకు మళ్లీ గీస్తాను. బొగ్గు పూర్తిగా పోదు, బూడిదరంగు మరక మిగులుతుంది. బిందెలకు వాడినది రంగు పాస్టెల్, దాని మరకా మిగులుతుంది. అందువల్ల ఆకుపచ్చ బిందె ముందుకు జరిగిన దారి అంతా కాగితం మీద లేత ఆకుపచ్చ చారలా కనిపిస్తూనే ఉంటుంది. ముసలమ్మ తెర మీద ఎక్కడా లేదు. మొదటి షాట్ కాగితం మీద మాత్రం, నేను ముందుగా గీసి చెరిపేసిన ఆమె మరక ఉంది.

గీత_ఫ్రేమ్స్

ఇంత మాటను మీరు ‘5,500 బొగ్గు చిత్రాలు’ అని అంకె కింద పాతిపెట్టారు! ఫ్రేముల సంఖ్య ఎవరికీ ఆసక్తి కలిగించదు, చేతితో చేసే ప్రతి చిత్రానికీ వేలలోనే ఉంటుంది. చెరిపినా మరక మిగలడం అన్నది ఈ చిత్రానికే ఉంది. అది సినాప్సిస్‌లో ఉండాలి.

ఎడిటర్_భాను

నేను ఒప్పుకోను. ఫారంలో టెక్నిక్‌కు వేరే గడి ఉంది, అక్కడ ‘కాగితంపై బొగ్గు, పాస్టెల్’ అని పెడతారు. సినాప్సిస్‌లో మరక గురించి చెబితే, మరకకు అర్థం ఏమిటో ముందే చేతిలో పెట్టినట్లవుతుంది. మరకను ప్రేక్షకుడు తానుగా చూడాలి.

రమణి_బసవనగుడి

నేను గీత గారి వైపు, కానీ ఒక షరతు మీద. టెక్నిక్ గడిలో వస్తువు పేరు ఉంటుంది, ఆ వస్తువు ఈ కథలో ఏం చేస్తోందో ఉండదు. యానిమేషన్ ఫెస్టివల్‌లో ప్రోగ్రామర్ వెతికేది అదే: ఈ కథను కెమెరాతో మనుషులను పెట్టి తీయకుండా ఎందుకు గీయాల్సి వచ్చింది? మీ బిందెల కథను నటులతో కూడా తీయవచ్చు. మరకలను మాత్రం తీయలేరు. భాను గారి భయం కూడా సరైనదే కనుక, మరక ఉంటుందని చెప్పండి, జ్ఞాపకమనీ లేనితనమనీ పేరు పెట్టకండి. ముసలమ్మ మరక సంగతి ఎక్కడా రాయకండి, స్టేట్‌మెంట్‌లో కూడా. అది నేను చూసి కనిపెట్టాలి.

లఘుచిత్రాలన్నీ కలిపి చూసే చోట్ల ఈ వాక్యానికి అంత బరువు లేకపోవచ్చు. ముంబయిలో 1990 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ ఫెస్టివల్‌లో డాక్యుమెంటరీ, లఘుచిత్రం, యానిమేషన్ మూడూ ఉంటాయి. అటువంటి చోట ఊరూ, ఏడాదీ, వీధీ ఎక్కువ పని చేస్తాయి. వాక్యాలు అవే ఉంచి, క్రమం మార్చి పంపవచ్చు.

బొగ్గుగీత

ఇదిగో, మళ్లీ రాసినది.

లాగ్‌లైన్: నీళ్ల లారీ కోసం నిలబెట్టిన బిందెల వరుసలో, ఎవరూ ముట్టుకోని ఒక ఆకుపచ్చ బిందె రోజూ ముందుకు జరుగుతుంటుంది, దాని వెనక నిలబడే కొత్త పిల్ల అది ఎవరిదని అడగడం మొదలుపెడుతుంది.

సినాప్సిస్: చెన్నై, 2019 వేసవి. నీళ్ల లారీ వచ్చే వీధిలో మనుషులకు బదులు బిందెలు వరుసలో నిలబడి ఉంటాయి. కొత్తగా అద్దెకు వచ్చిన మల్లి తన బిందెను ఒక సొట్టమూతి ఆకుపచ్చ బిందె వెనక పెడుతుంది. లారీ వచ్చిన ప్రతిసారీ ఆ బిందె వరుసతో పాటు ముందుకు జరుగుతుంది గానీ, దానిని నింపుకోవడానికి ఎవరూ రారు. తెల్లారేసరికి అది మళ్లీ తన చోటనే ఉంటుంది. ఎవరిదని అడిగితే వీధిలో ఒక్కరూ జవాబు చెప్పరు. ఒక రాత్రి మల్లి అరుగు మీద కాపలా కూర్చుంటుంది. బొగ్గుతో గీసి, చెరిపి, అదే కాగితం మీద మళ్లీ గీసిన ఈ చిత్రంలో కదిలిన ప్రతిదీ తన మరకను వదిలి వెళ్తుంది.

వేళచ్చేరి_వాసు

దీనిని మా బావమరిదికి చదివి వినిపించాను. ఆయనకు యానిమేషన్‌తో ఏ సంబంధమూ లేదు. వినగానే ‘రాత్రి ఎవరు వచ్చారు?’ అని అడిగారు. మీ మొదటి పేరా చదివితే ‘బాగుంది’ అన్నారు, అంతే. నా కొలత సంగతి ఎలా ఉన్నా, ఈ పరీక్ష మాత్రం పనికొస్తుందని అనిపించింది.

రమణి_బసవనగుడి

మంచి పరీక్ష. వినేవారి మొదటి ప్రశ్న ఏమిటో గమనించాలి. ‘తరువాత ఏమైంది’ అన్నా, ‘ఎవరు’ అన్నా పేరా నిలబడినట్లే. ‘అంటే ఏమిటి’ అని అడిగితే ఎక్కడో మబ్బు ఉంది. ఏమీ అడగకుండా మెచ్చుకుంటే అన్నిటికంటే ప్రమాదం. ఇంకొక పరీక్ష నేను మా జాబితా మీదే చేస్తుంటాను. పేరు మూసేసి పేరాను చదివి, ఇది ఇంకో చిత్రానికి అతుకుతుందా అని చూస్తాను. ‘హృద్యమైన కథ’ నలభై చిత్రాలకు అతుకుతుంది. సొట్టమూతి ఆకుపచ్చ బిందె ఇంకెవరి దగ్గరా లేదు.

ఎడిటర్_భాను

చిన్న సవరణ. నేనైతే ‘ఒక రాత్రి మల్లి కాపలా కూర్చుంటుంది’ అన్న వాక్యం కూడా తీసేస్తాను. చిత్రంలో అది సగం దాటాక వస్తుంది. అంత దూరం చెప్పనక్కరలేదు. ‘ఒక్కరూ జవాబు చెప్పరు’ దగ్గరే బలం ఉంది.

కథల_కామేశం

అది ఉండాలి. వాసు గారి బావమరిది అడిగిన ప్రశ్న ఆ వాక్యం నుంచే పుట్టింది. అది లేకపోతే మల్లి ఊరికే అడిగి ఊరుకునే పిల్ల అవుతుంది.

బొగ్గుగీత

కాపలా వాక్యాన్ని ఉంచుతున్నాను. ముంబయికి పంపేటప్పుడు మరక వాక్యాన్ని ముందుకు తేకుండా ఇలాగే చివర ఉంచుతాను. యానిమేషన్ ఫెస్టివల్స్‌కు మాత్రం దానిని రెండో వాక్యంగా పెట్టి చూస్తాను, కింది నుంచి కత్తిరించినా మిగలాలి కాబట్టి. స్టిల్ విషయంలో ఒక సందేహం ఉంది. మల్లి ముఖం ఉన్న ఫ్రేము అందంగా వచ్చింది. బిందె జరిగిన చార కనిపించే ఫ్రేములో మనుషులు లేరు.

గీత_ఫ్రేమ్స్

చార ఉన్నదే పెట్టండి. లాగ్‌లైన్ చదివిన కళ్లు పక్కనున్న స్టిల్‌లో ఆకుపచ్చ బిందెనే వెతుకుతాయి. పిల్లల విభాగం అనుకునే ప్రమాదం కూడా దానితో తప్పుతుంది.

రమణి_బసవనగుడి

నేనూ అదే అంటాను.

సుధ గారూ, ఆలస్యమైంది. కథ లేని చిత్రానికి మల్లి వంటి ఆధారం దొరకదు. దానికి నా దగ్గర ఖాయమైన పద్ధతి లేదు. చూసినవాటిలో నన్ను ఆపినవి ఒక నియమాన్ని చెప్పినవి: ఏది మారుతుంది, ఏది మారకుండా ఉంటుంది, ఎక్కడ ఆ నియమం తప్పుతుంది. ‘ప్రయోగాత్మక ప్రయాణం’ అంటే నాకు ఏమీ కనిపించడం లేదు. మీ మూడు నిమిషాల్లో బల్ల మీద ఉన్న ఇసుక మొత్తం ఒకటేనా, మధ్యలో చేర్చారా, తీశారా? మొదటి ఆకారం ఏమిటి, చివరిది ఏమిటి?

ఇసుకబొమ్మ_సుధ

ఒకే గుప్పెడు ఇసుక, చేర్చలేదు, తీయలేదు. మొదట ఒక చెయ్యి, చివర ఒక కొండ. మధ్యలో ఒక్కచోట వెలుగు బల్ల పూర్తిగా ఖాళీ అవుతుంది, రెండు సెకన్ల పాటు.

ఎడిటర్_భాను

ఆ రెండు సెకన్లు ఇసుక ఎక్కడికి వెళ్లింది?